చెప్పకుండా తప్పుకుంటే తప్పు మనదవుతుంది

కంపెనీ డబ్బు ఎగ్గొట్టినప్పుడు మన తండాల్లో రైతు చేసేది సాధారణంగా రెండింట్లో ఒకటి. ఈ వారం కాకపోతే వచ్చే వారం ఇస్తారని నమ్మి నోరు మెదపకుండా సరుకు పోస్తూనే ఉంటాడు. లేదా ఒక రోజు విసిగిపోయి, ఎవరికీ చెప్పకుండా కోత ఆపేసి, తోటలో మేకల్ని తోలేస్తాడు. మొదటిది ఓర్పు అనీ, రెండోది పౌరుషం అనీ మనం అనుకుంటాం. చట్టం రెండింటినీ మౌనంగానే చూస్తుంది, రెండుసార్లూ మనకే నష్టం. మౌనంగా సరుకు పోస్తే ఆలస్యానికి ఒప్పుకున్నట్టు లెక్క. మౌనంగా ఆపేస్తే ఒప్పందాన్ని మనమే తెంచినట్టు లెక్క. డబ్బు ఎగ్గొట్టినవాడు దొరలాగా కూర్చుంటాడు, ఎగవేతకు గురైనవాడు ముద్దాయి అవుతాడు.

ఈ వ్యాసం ఆ మౌనానికి వ్యతిరేకం. కొనేవాడు డబ్బు ఇవ్వకపోతే, చెప్పిన ధర కట్టకపోతే, ఒప్పందం నుంచి బయటికి రావడం రైతు హక్కు. అయితే ఆ హక్కు కాగితం మీద రాస్తేనే పనిచేస్తుంది.

అనంతపురం మెట్టలో ఈ మాట ఎందుకంత ముఖ్యమో ముందు చూద్దాం. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వానపడే నేల ఇది. తరతరాలుగా వానమీద శెనక్కాయ వేసుకున్నాం. శెనక్కాయకు ధర పడిపోవచ్చు, కానీ ఆ పంటను ఏ మండీకైనా తోలుకోవచ్చు, నూనె మిల్లుకు పోయొచ్చు, ఇంట్లో నాలుగు నెలలు దాచుకోవచ్చు. బోరు పడిన రైతుకు కంపెనీవాడు తెచ్చే గెర్కిన్ దోస అట్లాంటిది కాదు. అది విదేశాల్లో ఊరగాయ సీసాల్లోకి పోయే చిన్న దోసకాయ. మన సంతలో దాన్ని అడిగేవాడు లేడు. విత్తిన ముప్పై అయిదు రోజులకు అటూఇటూగా కోత మొదలవుతుంది, మూడు నెలల లోపే పంట ముగుస్తుంది. ఈ మధ్యలో దాదాపు రోజూ కోయాలి, ఎందుకంటే కాయ చిన్నదైతేనే ధర. ఒక రోజు కోయకపోతే మొదటి గ్రేడు కాయ మరునాటికి ముదిరి కింది గ్రేడుకు జారిపోతుంది, ఇంకొక రోజు వదిలితే ఎవరికీ పనికిరాదు. అంటే ఈ పంటకు కొనేవాడు ఒక్కడే, ఆగే వీలు ఒక్క రోజు కూడా లేదు. కంపెనీ బలమంతా ఈ రెండు సంగతుల్లోనే ఉంది. ఒప్పందం కాగితంలో ఏమి రాసి ఉన్నా, డబ్బు ఆపి పట్టుకునే అవకాశం దానిది, సరుకు ఆపి పట్టుకునే అవకాశం మనకు లేదు.

అందుకే "సంతకం పెట్టినావు కదప్పా" అనే మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. సంతకం రెండు వైపులా ఉంది. విత్తనం, ఎరువు, మందు అప్పుగా ఇస్తామనీ, ఫలానా గ్రేడుకు ఫలానా ధర కడతామనీ, ఇన్ని రోజుల్లో డబ్బు వేస్తామనీ వాళ్ళూ సంతకం పెట్టారు. రైతు సంతకం ఇనుప గొలుసు, కంపెనీ సంతకం నీటిమీద రాత అని ఏ చట్టమూ చెప్పలేదు.

మోసం ఎక్కడ జరుగుతుంది?

కంపెనీలు ధరను నేరుగా తగ్గించడం అరుదు. కాగితం మీద ధర అట్లాగే ఉంటుంది, మారేది గ్రేడు. ఒక ఎకరా రైతు లెక్క వేసి చూద్దాం. ఇందులో అంకెలు లెక్క అర్థం కావడానికి నేను వేసినవి, పద్ధతి మాత్రం ఎక్కడైనా ఇదే.

ఒప్పందంలో మొదటి గ్రేడుకు కిలో రూ.30, రెండో దానికి రూ.20, మూడో దానికి రూ.8 అని ఉంది. మొదటి పదిహేను రోజుల్లో రైతు 1,200 కిలోలు పోశాడు. తోటలో వేరుచేసి తూచుకున్నప్పుడు మొదటి గ్రేడు 400, రెండోది 500, మూడోది 300 కిలోలు. అతని లెక్క ప్రకారం రూ.24,400 రావాలి. కొనుగోలు కేంద్రం ఇచ్చిన చీటీలో మొదటి గ్రేడు 150, రెండోది 350, మూడోది 600, పనికిరానిది 100 కిలోలు అని ఉంది. ఆ లెక్కన వచ్చేది రూ.16,300 మాత్రమే. ధర ఒక్క పైసా తగ్గలేదు, రైతుకు రూ.8,100 పోయింది. తర్వాతి పదిహేను రోజుల సరుకుకు కంపెనీ చీటీల ప్రకారమే రూ.20,000 అయింది. రెండు పక్షాల డబ్బూ పడలేదు. పక్షానికొకసారి ఇస్తామన్న మాట నెల దాటింది.

ఇప్పుడు రైతుకు రావలసింది ఎంత? చాలామంది ఇక్కడ కోపంలో అంతా కలిపి ఒక పెద్ద అంకె చెబుతారు, కంపెనీ గుమాస్తా నవ్వుతాడు. లెక్కను రెండుగా విడదీయాలి. మొదటిది కంపెనీ తన చీటీల్లో తానే ఒప్పుకున్న సొమ్ము: 16,300, 20,000 కలిపి రూ.36,300. అందులోంచి విత్తనం, ఎరువు, మందుల బాకీ తీసేయాలి. అది రూ.18,000 అనుకుంటే మిగిలేది రూ.18,300. దీనిమీద వాదనే లేదు, వాళ్ళ చీటీయే సాక్ష్యం. రెండోది గ్రేడులో కోసేసిన రూ.8,100. దీనికి మన సాక్ష్యం కావాలి. ఏ రోజు ఎంత కోశామో రాసుకున్న నోటుబుక్కు, వేరుచేసిన కుప్పల ఫోటోలు, పక్కనున్న కూలీల మాట. రెండూ అడగాలి, కానీ వేర్వేరు వరసల్లో రాయాలి. కలిపి రాస్తే తేలని రెండో సొమ్ము, తేలిన మొదటి సొమ్మును కూడా సందేహంలోకి లాగుతుంది.

బాకీ తీసేయడం ఎందుకని కొందరు యువకులు అడుగుతారు. వాడు మోసం చేశాడు కాబట్టి ఎరువు డబ్బు ఇవ్వం అనడం వినడానికి బాగుంటుంది. కానీ ఒప్పందం తెంచేవాడు తాను తీసుకున్న లాభాన్ని లెక్క చెప్పాలన్నది 1872 నాటి కాంట్రాక్టు చట్టంలోనే ఉంది. మన లెక్కలో మనమే ఆ బాకీ చూపిస్తే, మిగతా లెక్కను కూడా నమ్ముతారు.

తెంచే హక్కు ఎక్కడిది?

2020లో కేంద్రం ఒప్పంద సేద్యం మీద ఒక చట్టం తెచ్చింది. గొడవ వస్తే సబ్ డివిజనల్ మేజిస్ట్రేటు దగ్గరికి పోవాలనీ, సివిల్ కోర్టుకు పోకూడదనీ అందులో పెట్టింది. రైతులు ఏడాదికి పైగా పోరాడితే 2021లో ఆ చట్టం రద్దయింది. రద్దు కావడం మంచిదే. అయితే మన దగ్గర ఇంకా కొందరు "ఆర్డీవో దగ్గరికి పోతే కంపెనీ చేత ఒకటిన్నర రెట్లు కట్టిస్తాడు" అని చెబుతున్నారు. ఆ మాట రద్దయిన చట్టంలోది. దాన్ని పట్టుకొని తిరిగితే కాలం పోతుంది. ఇవాళ మన చేతిలో గట్టిగా ఉన్నవి పాత చట్టాలే: 1872 నాటి కాంట్రాక్టు చట్టం, 1930 నాటి సరుకుల అమ్మకం చట్టం.

కాంట్రాక్టు చట్టం 39వ సెక్షను చెప్పేది ఇది. ఒక పక్షం తన మాటను పూర్తిగా నెరవేర్చనని నిరాకరిస్తే రెండో పక్షం ఒప్పందాన్ని ముగించవచ్చు. దానికి ఒక మినహాయింపు ఉంది. మాటతో గానీ నడతతో గానీ ఒప్పందం కొనసాగడానికి సమ్మతి తెలిపి ఉండకూడదు. ఆ "నడతతో" అన్న మాట దగ్గర ఆగండి. డబ్బు రాకపోయినా అయిదు వారాలు ఒక్క ఉత్తరం కూడా రాయకుండా సరుకు పోసిన రైతు నడతను కంపెనీ వకీలు ఏమంటాడు? "ఆలస్యం అతనికి అభ్యంతరం కాదు, చూడండి, పోస్తూనే ఉన్నాడు" అంటాడు.

ఇంకొక చిక్కు కూడా ఉంది. అమ్మకం చట్టం 11వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరే ఉద్దేశం కనబడకపోతే, డబ్బు కట్టే గడువు ఒప్పందానికి ప్రాణం కాదు. అంటే డబ్బు పది రోజులు ఆలస్యమైనంత మాత్రాన ఒప్పందం తెంచే హక్కు దానంతటదే రాదు. విడతలు విడతలుగా సరుకు ఇచ్చే ఒప్పందంలో ఒకటి రెండు విడతల డబ్బు రాకపోవడం మొత్తం ఒప్పందాన్ని కాలదన్నడమా, లేక ఆ విడతకే నష్టపరిహారం అడగదగిన తప్పా అన్నది పరిస్థితిని బట్టి తేలుతుందని 38వ సెక్షను అంటుంది. కోపంగా ఉన్న రైతుకు ఈ మాటలు చేదుగా ఉంటాయి. కానీ దారి కూడా ఇందులోనే కనిపిస్తుంది. ఆలస్యాన్ని నిరాకరణగా మార్చేది మన ఉత్తరం. గడువు పెట్టి అడిగినా ఇవ్వకపోతే, జవాబు కూడా రాయకపోతే, అది ఇక ఆలస్యం అని ఎవడూ అనలేడు.

రెండు ఉత్తరాలు

అందుకే ఉత్తరాలు రెండు. మొదటిది అడిగేది, రెండోది తెంచేది. మొదటిది లేకుండా రెండోది రాస్తే బలం సగం పోతుంది.

మొదటి ఉత్తరంలో నాలుగు సంగతులు చాలు. ఒప్పందం తేదీ, సర్వే నంబరు, పంట. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఎంత సరుకు పోశామో, ఒప్పుకున్న సొమ్ము ఎంతో, గ్రేడు తేడా ఎంతో, రెండు వరసల్లో. ఫలానా తేదీలోగా కట్టాలన్న గడువు. ఆ తర్వాత ఒక వాక్యం, దీన్ని మాత్రం మరవకూడదు: "ఈ గడువు ఒప్పందానికి ముఖ్యమైనదిగా నేను తెలియజేస్తున్నాను. ఈ లోపల నేను ఇచ్చే సరుకు నా హక్కులను వదులుకొని ఇస్తున్నది కాదు." కాయ ఆగదు కాబట్టి గడువులో కూడా కోత ఆపలేం. ఆ వాక్యం ఉంటే కోస్తూనే ఉన్నా అది సమ్మతి కాదు. రోజూ పాడయ్యే పంటకు ఏడు నుంచి పది రోజుల గడువు సబబే.

గడువు దాటాక రెండో ఉత్తరం. దాని నమూనా ఇది:

"నేను ఫలానా తేదీన రాసిన ఉత్తరం మీకు ఫలానా తేదీన అందింది. అందులో అడిగిన సొమ్ము మీరు కట్టలేదు. ఒప్పందంలోని ధర ప్రకారం గ్రేడు కట్టలేదు. ఈ కారణాల వల్ల మన ఒప్పందాన్ని నేను ఈ రోజుతో ముగిస్తున్నాను. మీరు ఇచ్చిన విత్తనం, ఎరువు, మందుల బాకీ తీసివేయగా నాకు రావలసిన సొమ్ము రూ.18,300. గ్రేడు తేడా కింద రావలసింది వేరుగా రూ.8,100. నేను మీకు ఇచ్చిన ఖాళీ చెక్కులు (నంబర్లు ఇవి), ప్రామిసరీ నోటు ఏ బాకీకీ చెందవు, వెంటనే తిరిగి ఇవ్వాలి. నష్టపరిహారం కోరే నా హక్కు అట్లాగే ఉంటుంది."

చెక్కుల మాట ఎందుకు? చాలా ఒప్పందాల్లో విత్తనం ఇచ్చే రోజే రైతు దగ్గర సంతకం పెట్టిన ఖాళీ చెక్కు తీసుకుంటారు. రైతు బయటికి వస్తే ఆ చెక్కులో ఒక అంకె రాసి బ్యాంకులో వేసి, డబ్బు లేదని తిరిగి వచ్చాక 138వ సెక్షను కింద నోటీసు పంపుతారు. ఆ నోటీసు అందిన 15 రోజుల్లో ఏమీ చేయకుండా కూర్చుంటే క్రిమినల్ కేసు మొదలవుతుంది. చెక్కు బాకీకి చెందదని ముందే రాసి ఉంచిన ఉత్తరం ఆ రోజున మనకు డాలు. నోటీసు వస్తే భయపడి దాచుకోవద్దు, ఆ 15 రోజుల్లోనే వకీలు ద్వారా జవాబు ఇప్పించాలి.

ఉత్తరం స్పీడ్ పోస్టులో, అందినట్టు రుజువు వచ్చేలా పంపాలి. ఏజెంటు చేతికి ఇస్తే చాలదు. ఒప్పందంలో ఉన్న కంపెనీ చిరునామాకు ఒకటి, కొనుగోలు కేంద్రానికి ఒకటి పంపాలి. డబ్బు అడిగినప్పుడు "అతను మా మనిషి కాదు" అని కంపెనీ ఏజెంటును వదిలేయడం మామూలే. అందుకే సంతకం పెట్టే రోజే చూడాలి, అవతలి సంతకం కంపెనీదా, ఏజెంటుదా అని. ఒప్పందం కాపీ ఇవ్వకపోతే కాపీ కావాలని మొదటి ఉత్తరంలోనే అడగాలి. కాగితమే లేకపోయినా నోటి ఒప్పందం కూడా ఒప్పందమే. తూకం చీటీలు, ఫోనులో వచ్చిన మెసేజీలు, విత్తనం బిల్లులు దానికి సాక్ష్యం.

తెంచాక మిగిలిన పంటను ఊరికే ఎండబెట్టకూడదు. నష్టాన్ని తగ్గించుకునే దారి ఉండీ వాడలేదని తేలితే పరిహారం తగ్గుతుంది. పక్క కంపెనీ కేంద్రాన్ని అడగాలి, ఎంత ధర చెప్పారో, కొనలేమన్నారో రాసుకోవాలి. ఎవరూ కొనలేదన్నది కూడా సాక్ష్యమే. ఇంకొక మాట. మనమే ముందు తప్పు చేసి ఉంటే, అంటే డబ్బు సక్రమంగా వస్తుండగా చాటుగా వేరేవాడికి అమ్మి ఉంటే, లేదా వద్దన్న మందు కొట్టి ఉంటే, ఈ ఉత్తరాలు మనల్ని కాపాడవు.

ఎక్కడికి పోవాలి?

"కంపెనీ వాళ్ళు బెంగళూరు కోర్టు అని రాసుకున్నారు, మనం పోగలమా?" అని అడుగుతారు. ఒప్పందాల్లో ఆ షరతు నిజంగానే ఉంటుంది. మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలనే షరతు కూడా ఉంటుంది. కానీ కంపెనీ మనకు విత్తనం అమ్మి, పంట తిరిగి కొంటామన్న ఒప్పందమైతే వినియోగదారుల కమిషను దారి ఉంది. "రైతు వ్యాపారం కోసం పండించాడు, వినియోగదారుడు కాడు" అనే వాదన సుప్రీంకోర్టులో నిలబడలేదు. 2012లో నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ మీద మన ఆంధ్ర రైతులు పోరాడిన కేసులో, మధ్యవర్తి షరతు ఉన్నా రైతు వినియోగదారుల ఫోరానికి పోవచ్చని తీర్పు వచ్చింది. 2020 మార్చిలో నందన్ బయోమాట్రిక్స్ కేసులో, సఫేద్ ముస్లి పండిస్తే తిరిగి కొంటామన్న ఒప్పందం చేసుకున్న చిన్న రైతు కూడా వినియోగదారుడే అని అదే కోర్టు చెప్పింది. 2019 చట్టం ప్రకారం ఫిర్యాదు చేసేవాడు తాను నివసించే చోటనే వేయవచ్చు. అంటే అనంతపురం రైతు అనంతపురంలోనే వేయవచ్చు. రూ.5 లక్షల లోపు దానికి ఫీజు లేదు. గడువు రెండేళ్ళు. సివిల్ కోర్టులో సరుకు డబ్బు కోసమైతే మూడేళ్ళు.

అయితే అది పూలబాట అని నేను చెప్పను. ఆ రైతు వినియోగదారుడా కాదా అన్న ఒక్క ప్రశ్న తేలడానికే కేసు సుప్రీంకోర్టు దాకా పోవలసి వచ్చింది. ఆస్తి ఏదీ చూపకుండా బోర్డు తిప్పేసిన ఏజెంటు మీద గెలిచినా కాగితమే మిగలొచ్చు. అందుకే ముందుగా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ దగ్గరికి పోయి, కేసు వేయకముందే లోక్ అదాలత్‌లో పిలిపించమని అడగడం మంచిది. అక్కడ కుదిరిన రాజీకి కోర్టు డిక్రీ విలువ ఉంటుంది.

ఇక్కడ మనకు ఒక సంగతి తెలియాలి. అనంతపురంలో షెడ్యూల్డు ఏరియా లేదు. ఏజెన్సీ గిరిజనులకు ఉన్న 1/70 రక్షణలు మైదానంలో ఉన్న సుగాలీలకు, ఎరుకలవాళ్ళకు అందవు. కానీ 1987 నాటి న్యాయ సేవల చట్టం 12వ సెక్షను ఏరియా చూడదు, ఆదాయం కూడా చూడదు. షెడ్యూల్డు తెగ మనిషి అయితే చాలు, వకీలును ఉచితంగా ఇవ్వాలి. "కోర్టుకు ఖర్చు ఎక్కడిది?" అని తండాలో అడిగే ప్రశ్నకు ఇది జవాబు. ఈ జవాబు తండాలో ఎంతమందికి తెలుసో ఉపాధ్యాయులు ఒకసారి అడిగి చూడండి.

చివరికి వచ్చే బెదిరింపు ఇదే: "ఇట్లా నోటీసులిస్తే మీ ఊరికి ఇక ఏ కంపెనీ రాదు." డబ్బు ఇవ్వని కంపెనీ రాకపోతే మనకు పోయేది ఏమిటి? బోరు నీళ్ళు మనవి, కూలి మనది, నేల మనది. వాడు తెచ్చేది విత్తనం అప్పు, కొంటానన్న మాట. ఆ మాట నిలబడకపోతే మిగిలేది అప్పు ఒక్కటే. మన తాతలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసి దేశమంతా లదేణి చేసినవాళ్ళు. సరుకు అప్పగించి డబ్బు రాకపోయినా మళ్ళీ అదే గడపకు సరుకు మోయమని వాళ్ళు మనకు నేర్పలేదు.

వచ్చే పంటకు కంపెనీ జీపు తండాలోకి వచ్చినప్పుడు సంతకానికి ముందు మూడు వాక్యాలు రాయించండి. సరుకు పోసిన ఇన్ని రోజుల్లో డబ్బు కట్టాలి, ఆ గడువు ఒప్పందానికి ముఖ్యం. గ్రేడు రైతు ఎదుట వేరుచేసి, అక్కడే చీటీ ఇవ్వాలి. రెండు విడతల డబ్బు గడువు దాటితే రైతు ఉత్తరంతో ఒప్పందం ముగించవచ్చు, ఖాళీ చెక్కు తీసుకోకూడదు. రాయనంటే సంతకం పెట్టకండి. అక్షరం వచ్చిన పిల్లలు ప్రతి తండాలో ఇప్పుడు ఉన్నారు. నాన్న సంతకం పెట్టకముందు కాగితం చదివి వినిపించే పని వాళ్ళది, చదవడం నేర్పిన పంతుళ్ళది.